నెల మధ్యలో ప్లాన్ మారిస్తే బిల్లు ఎందుకు పెరిగింది?

ప్రశ్న: విజయవాడ పటమటలో ఉంటాం. జూన్ 16న నెట్ ప్లాన్ 600 నుంచి 900కి మార్చాను. జూలైకి జీఎస్టీతో 1,062 రావాలి కదా, 1,239 వచ్చిందేంటి?

ఆ అదనపు 177 జూన్‌దేనండి. మీరు 600 ముందే కట్టేశారు. మార్చేనాటికి 30 రోజుల్లో 15 మిగిలాయి కాబట్టి పాత ప్లాన్‌లో వాడని 300 మీకు జమ, కొత్త ప్లాన్ 15 రోజులకు 450 ఖర్చు. తేడా 150, దానిపై 18 శాతం జీఎస్టీ 27. ఇది జూలై అద్దెతో కలిసి వచ్చింది.

బిల్లు వివరాల్లో మైనస్ 300 లైన్ ఉందో లేదో ఎప్పుడూ చూసుకోవాలి. అది ఎగిరిపోయి ఉంటే మొత్తం 1,593 అయ్యేది, అంటే అవే 15 రోజులకు రెండు ప్లాన్ల డబ్బూ లాగినట్టు. అప్పుడు కస్టమర్ కేర్‌ని గట్టిగా అడగాల్సిందే. మార్చిన రోజును కొందరు పాత ప్లాన్‌లో కలుపుతారు. పన్నెండు రూపాయల్లోపు తేడా, దానికి గొడవెందుకు!