లోగో కప్పు మీద అచ్చయినట్టు కనబడాలంటే

ప్రశ్న: మేడమ్, నేను విశాఖలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. ద్వారకానగర్‌లో ఒక డిజైన్ స్టూడియోలో ఉద్యోగానికి వెళ్తే, కాఫీ కప్పు ఫొటో ఇచ్చి దాని మీద లోగో పెట్టమన్నారు. ఫొటోషాప్‌లో బొమ్మను వంచే వార్ప్, పిక్సెళ్లను జరిపే డిస్‌ప్లేస్ రెండూ వాడాను. ‘స్టిక్కర్ అంటించినట్టుంది’ అన్నారు. వచ్చే వారం మళ్లీ రమ్మన్నారు. నా తప్పెక్కడ?

జవాబు: మీరు జతచేసిన బొమ్మ చూశానమ్మా. మొదట చివరి అక్షరాలు చూడండి. కప్పు పక్కకు తిరిగిపోతున్న చోట కూడా అవి మధ్య అక్షరాలంత వెడల్పుగానే ఉన్నాయి. స్టిక్కర్ అన్నది అందుకే. లోగోను వంచారు గానీ, అంచుల దగ్గర నొక్కలేదు.

ఎంత నొక్కాలో లెక్క ఉంది. ఫొటోలో కప్పు వెడల్పు 1000 పిక్సెళ్లు అనుకుందాం. కప్పు అడ్డుకొలత 8 సెంటీమీటర్లు, లోగో కూడా 8 సెంటీమీటర్లే అయితే, చదునుగా ఉన్నప్పుడు లోగో కూడా 1000 పిక్సెళ్లే. చుట్టాక ఎదురుగా కనబడేది మాత్రం 842 పిక్సెళ్లే. ఈ తగ్గుదల అంతటా సమానంగా ఉండదు. లోగోను నిలువుగా నాలుగు సమాన ముక్కలు చేస్తే ఒక్కొక్కటి 250 పిక్సెళ్లు. మధ్యలోని రెండు ముక్కలు 240 అవుతాయి, అంటే దాదాపు తేడా తెలియదు. బయటి రెండూ 181కి కుంచించుకుపోతాయి. ఇది కాస్త దూరం నుంచి తీసిన ఫొటోకు సరిపోయే లెక్క. దగ్గర నుంచి తీస్తే అంచులు ఇంకా నొక్కుకుంటాయి.

చేయాల్సింది ఇది. లోగో లేయర్‌ను `Convert to Smart Object` చేయండి, తర్వాత ఎన్నిసార్లు సవరించినా అసలు చెడదు. `Edit > Transform > Warp`లోకి వెళ్లి, పైన `Split` బటన్‌తో మూడు నిలువు గీతలు పెట్టండి. నడి గీతను కప్పు నడిమధ్యకు, పక్క గీతలను అక్కడి నుంచి 240కి, అంచులను 421కి జరపండి.

ఇక వంపు. మీరు `Arc` పెట్టి వదిలేశారు కదా, అందుకే అక్షరాలు విసనకర్ర పుల్లల్లా పక్కలకు వాలాయి. నిటారు కప్పు మీద నిలువు గీత నిలువుగానే ఉండాలి. పైగా కెమెరా కొంచెం పైనుంచి చూస్తోంది కాబట్టి, మూతి దగ్గరి వంపు కంటే అడుగు దగ్గరి వంపు ఎక్కువ. లోగో పై అంచు వంపును మూతితో, కింది అంచు వంపును అడుగుతో పోల్చి ఆ రెంటి మధ్యలో ఉంచండి. మీ బొమ్మలో రెండూ ఒకేలా ఉన్నాయి.

డిస్‌ప్లేస్ దగ్గర ఇంకో పొరపాటు. ఏ పిక్సెల్ ఎంత జరగాలో దానికి చెప్పే బొమ్మను మ్యాప్ అంటారు. ఆ మ్యాప్‌కు వంపూ గుంటా తెలియవు, వెలుగూ చీకటే తెలుసు. 128 బూడిదరంగు ఉన్నచోట పిక్సెల్ కదలదు. తెలుపు ఒకవైపుకు, నలుపు రెండోవైపుకు జరుపుతాయి. మీ కప్పు మెరిసే గాజుపూతది. కిటికీ వెలుతురు పడిన తెల్లటి పట్టీ దగ్గర మీ ‘క’ తలకట్టు విరిగినట్టయింది చూశారా? అక్కడ గుంటేమీ లేదు, మెరుపే ఉంది. నున్నటి కప్పుకు డిస్‌ప్లేస్ అవసరమే లేదు, వార్ప్ చాలు. చక్రం మీద చేసిన, వేళ్ల గాడులున్న మట్టి కప్పయితేనే వాడండి. అప్పుడు ఫొటోను గ్రేస్కేల్ చేసి, మెరుపులు చెరిపేసి, కొద్దిగా `Gaussian Blur` ఇచ్చి PSDగా దాచండి, అదే మ్యాప్. తర్వాత `Filter > Distort > Displace`లో రెండు స్కేళ్లూ 3 పెట్టి చూడండి. 100 పెడితే గరిష్ఠంగా 128 పిక్సెళ్లు జరుగుతుంది, 3 పెడితే దాదాపు 4. గాడులకు అంతే చాలు. ముందు వార్ప్, తర్వాతే డిస్‌ప్లేస్.

చివర్లో లేయర్‌ను `Multiply`లో పెడితే కప్పు నీడ లోగో మీదకు వస్తుంది. ఆ మెరుపు పట్టీ లోగో పైనుంచి కూడా సాగాలి. `Blend If`లో కింది లేయర్ తెల్లటి కొసను `Alt` నొక్కి చీల్చి లోపలికి జరపండి.

ఒక మాట, నేను దెబ్బతిని నేర్చుకున్నది. కొత్తల్లో ఒక ఆర్డర్‌కు నేను వంచిన ఫైలునే ప్రింటుకు పంపేశాను. కప్పు గుండ్రన కాబట్టి వంపు అదే వస్తుందని, ప్రింటుకు చదును ఫైలే ఇవ్వాలని అప్పటికి తట్టలేదు. పన్నెండు కప్పుల మీదా పేరు నవ్వుతున్న మూతిలా వచ్చింది, డబ్బు నా జేబులోంచే పోయింది. వచ్చే వారం స్టూడియోకు కప్పు మీద లోగో పెట్టిన మాకప్‌తో పాటు ప్రింటుకిచ్చే చదును ఫైలు కూడా పట్టుకెళ్లండి. రెండూ వేర్వేరు ఎందుకని అడిగితే 1000, 842 లెక్క చెప్పండి.