టెక్ సందేహాలు: థ్రెడ్‌లో రెండో పోస్టుకి ఎవరూ రావట్లేదు

ప్రశ్న: కావేరి నీళ్లు బెంగళూరుకి ఎలా చేరతాయో ఎక్స్‌లో తెలుగులో 8 పోస్టుల థ్రెడ్ పెట్టాను. "బెంగళూరు నీటి సరఫరాపై ఒక థ్రెడ్, చివరిదాకా చదవండి 1/8" అని మొదలుపెట్టాను. రెండో పోస్టుకి ఎవరూ రాలేదు, ఒక్క జవాబూ లేదు. పైగా ఒక పోస్టు లిమిట్ దాటితే రెండు ముక్కలు చేశాను, నంబర్లన్నీ తప్పాయి. ఇప్పుడేం చేయాలి?
– ఒక సివిల్ ఇంజినీర్, మారతహళ్లి

జవాబు: మీ మొదటి పోస్టులో నీళ్లు లేవండీ. టైమ్‌లైన్ చూసుకుంటూ పోయేవాళ్లకి ముందు కనబడేది అదొక్కటే. అసలు సంగతి అందులోనే పెట్టేయండి, ఇలా:

"బెంగళూరు కావేరి కంటే బాగా ఎత్తులో ఉంది. మీ కుళాయిలో పడే నీరు దాదాపు 100 కిలోమీటర్ల దూరం నుంచి, మూడు చోట్ల పంపులతో సుమారు 500 మీటర్లు పైకెక్కి వస్తుంది. ఎలాగో చూడండి. 1/"

ఆ మూడు చోట్లు టి.కె.హళ్లి, హారోహళ్లి, తాతగుణి. ఒక్కో దానికి ఒక్కో పోస్టు ఇవ్వండి. "అక్కడి నుంచి మళ్లీ ఎత్తుతారు" అని మొదలుపెట్టకండి. ఎవరైనా నాలుగో పోస్టు ఒక్కటే రీపోస్ట్ చేస్తే, చూసినవాళ్లకి "అక్కడ" అంటే ఎక్కడో తెలియదు. "టి.కె.హళ్లి నుంచి వచ్చిన నీటిని హారోహళ్లిలో మళ్లీ పైకెత్తుతారు" అంటే ఆ పోస్టు ఒంటరిగా ఉన్నా అర్థమవుతుంది.

ఇక లిమిట్ సంగతి. ఉచిత ఖాతాకి 280. తెలుగులో గుణింతం, సున్న, వత్తు అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. "బెంగళూరు" కంటికి నాలుగు అక్షరాలే, ఎక్స్ లెక్కలో ఎనిమిది. "స్త్రీ" ఒక్కటే ఆరు తింటుంది! ఎమోజీకి రెండు, లింకు ఎంత పొడవైనా 23. అందుకే నోట్స్‌లో సరిపోయినట్టే అనిపించి, ఎక్స్‌లో అతికించాక ఎర్రబడుతుంది. నంబరుకి కూడా చోటు మిగుల్చుకోండి.

మొత్తం ఎన్నో తేలేదాకా "/8" రాయకండి, "1/", "2/" చాలు. నేనోసారి ఏడింటికి నంబర్లేసి ఐదోది మర్చిపోయాను. ఐదోది ఏదంటూ అడిగినవాళ్లకే రోజంతా సమాధానం చెప్పాను. మధ్యలో దూర్చే వీలు లేదు మరి. తర్వాత కలిపేది ఏదైనా చివర జవాబుగానే చేరుతుంది. ఉచిత ఖాతాలో ఎడిట్ కూడా లేదు. కాబట్టి + నొక్కుతూ అన్నీ ఒకేసారి రాసుకుని, పైనుంచి కిందికి ఒకసారి చదివి, అప్పుడు Post all నొక్కండి. ఆ చదివేటప్పుడే మొత్తం తెలుస్తుంది, కావాలంటే "1/9" అని అప్పుడు వేసుకోవచ్చు.

పాత థ్రెడ్‌కి జవాబులు వచ్చి ఉంటే తీసేయొద్దనేవాణ్ని. మీకు ఆ తంటా లేదు కాబట్టి మొత్తం డిలీట్ చేసి కొత్తగా పెట్టేయండి. మధ్యలోవి మాత్రం తీసేస్తే థ్రెడ్‌లో ఖాళీ మిగిలిపోతుంది.