60 వేల వెబ్‌సైట్: మిగలాల్సిన పది వేలు ఎటు పోయాయి?

ప్రశ్న: మాది రాజమండ్రి. ఇంటి నుంచే వెబ్‌సైట్లు చేస్తాను. ఒక బట్టల షాపుకి ఆన్‌లైన్ ఆర్డర్లు తీసుకునే సైట్ 60,000కి ఒప్పుకున్నాను. 80 గంటల పని అనుకున్నాను, 130 గంటలు పట్టింది. 60 చీరలు పెట్టాలన్నవాళ్లు చివరికి 240 పెట్టించారు. హోమ్ పేజీ ఐదుసార్లు మార్పించారు. మధ్యలో తెలుగులో కూడా కావాలన్నారు. హోస్టింగ్, ప్లగిన్లు, ఫొటోలకి 10,000 నా చేతినుంచే పెట్టాను. నెలకి నాకు 45,000 కావాలి. ఈసారి ఎంత చెప్పాలి? ఎక్కువ చెబితే వేరేవాళ్ల దగ్గరికి పోతారని టెన్షన్.

జవాబు: ముందు మీ గంట మీకు ఎంతకి పడుతోందో చూద్దాం. రోజంతా కంప్యూటర్ ముందే ఉన్నా, బిల్లు వేయగలిగే గంటలు అందులో సగమే ఉంటాయి. మిగతాది కొత్త కస్టమర్లతో మాట్లాడటానికి, కొటేషన్లు రాయడానికి, రావాల్సిన డబ్బు అడగడానికి పోతుంది. నెలకి 90 గంటలు బిల్లు వేయగలరని అనుకుంటే, 45,000ని 90తో భాగిస్తే గంటకి 500. ఇది లాభం కాదు, ఇల్లు గడవడానికి అయ్యే ఖర్చు.

ఇప్పుడు మీ 60,000 విప్పి చూడండి. చేతినుంచి పెట్టిన 10,000 తీసేస్తే 50,000. 80 గంటలకి 500 చొప్పున 40,000. మిగిలేది 10,000. అంటే అదనంగా 20 గంటలు పని పడితే చాలు, ఆ మిగులు మొత్తం పోతుంది. 40 రోజుల ప్రాజెక్టులో 20 గంటలంటే రోజుకి అరగంట. "ఈ చిన్న మార్పు చేసిపెట్టండి" అని రోజుకొక వాట్సాప్ మెసేజ్ వస్తే సరిపోతుంది. మీకు 50 గంటలు ఎక్కువ పడ్డాయి కాబట్టి మొత్తం మీద 15,000 మీరే ఎదురు పెట్టుకున్నారు.

ఆ 50 గంటలు ఎక్కడివో మీ లెక్కలోనే ఉంది. ఒక చీర ఫొటో సరిచేసి, పేరు, ధర, రంగు, స్టాక్ ఎక్కించడానికి 6 నిమిషాలు అనుకుందాం. 180 చీరలు ఎక్కువ ఎక్కించారు, అది 18 గంటలు. తెలుగు వెర్షన్ అంటే ప్రతి పేజీ, ప్రతి మెనూ, ప్రతి బటన్ రెండోసారి చేసి, ఫోన్లో మాటలు విరిగిపోతున్నాయేమో చూసుకోవాలి, దానికి 20 గంటలు వేద్దాం. హోమ్ పేజీలో రెండు మార్పులు మామూలే అనుకుంటే, మిగతా మూడింటికి నాలుగేసి గంటల చొప్పున 12. చీరలు ఎక్కించడం ఒక్కటే మీ లాభాన్ని దాదాపు తినేసింది. అడిగినవాళ్లకి మాత్రం అది పనిలాగే కనిపించి ఉండదు.

ఇక ఈసారి ధర. 80 గంటలకి ఊహించని పనుల కోసం 12 గంటలు కలపండి. 92 గంటలకి 46,000, చేతి ఖర్చు 10,000, మొత్తం 56,000. మీరు చెప్పే ధరలో పావు వంతు లాభం ఉండాలనుకుంటే 56,000ని 0.75తో భాగించాలి, సుమారు 75,000 వస్తుంది. చాలామంది ఇక్కడ 56,000 మీద పాతిక శాతం వేసి 70,000 చెబుతారు. అప్పుడు లాభం ధరలో 20 శాతమే అవుతుంది.

కానీ ఒక్క క్షణం ఆగండి. పాత పని ఇదే 75,000కి చేసి ఉంటే? చేతి ఖర్చు పోను 65,000. 130 గంటలకి 500 చొప్పున 65,000. మిగులు సున్నా! కాబట్టి ధర పెంచడం ఒక్కటే మిమ్మల్ని కాపాడదు. రేటు ఎక్కువైందని కస్టమర్ పోతాడేమోనన్న భయం కంటే, కొటేషన్‌లో ఎంత పనో అంకెల్లో లేకపోవడమే మీకు ఎక్కువ నష్టం చేసింది.

"ఆన్‌లైన్ షాపు వెబ్‌సైట్" అని రాస్తే దానికి హద్దు లేదు. ఇలా రాయండి: 8 పేజీలు, ఇంగ్లిష్‌లో మాత్రమే, 60 చీరలు, ఫొటోలు, ధరలు షాపువాళ్లే ఎక్సెల్ షీట్‌లో ఇవ్వాలి, హోమ్ పేజీకి రెండుసార్లు మార్పులు, ఒక్కోసారి అన్నీ కలిపి ఒకే లిస్టుగా పంపాలి, సైట్ లైవ్ అయ్యాక 15 రోజులు తప్పులు సరిచేయడం ఉచితం. తప్పు అంటే కొటేషన్‌లో రాసింది పని చేయకపోవడం, కొత్త కోరిక కాదు. ఈ ఆఖరి వాక్యం మర్చిపోవద్దు, గొడవలు ఎక్కువగా అక్కడే మొదలవుతాయి.

దాని కిందే అదనపు పని రేట్లు ఉండాలి. 92 గంటలకి 65,000 అంటే మీకు గంటకి 700 పైనే పడుతోంది. అదనపు పని మిగతా షెడ్యూల్‌ని కూడా కదిలిస్తుంది కాబట్టి గంటకి 800 పెట్టండి. దాని ప్రకారం చీరకి 80, తెలుగు వెర్షన్‌కి 16,000, హోమ్ పేజీలో మూడోసారి నుంచి ప్రతి మార్పుకీ 3,200. మీ పాత కస్టమర్ అడిగినవన్నీ ఈ రేట్లలో 40,000 అవుతాయి. అంత ఇవ్వకపోవచ్చు, పర్వాలేదు. 180 చీరలకి 14,400 అని కనిపిస్తే, "మా కుర్రాడే షీట్ నింపుతాడులెండి" అంటారు. ఆన్‌లైన్ షాపు సైట్లకి వాడే వూకామర్స్ ప్లగిన్‌లో, ఆ షీట్‌ని CSV ఫైల్‌గా ఇచ్చి అన్నీ ఒకేసారి ఎక్కించే వీలు ఎలాగూ ఉంది. నిర్ణయం వాళ్లు తీసుకుంటారు, మీ గంటలు మీకు మిగులుతాయి.

మధ్యలో కొత్తది అడిగినప్పుడు "చూద్దాం" అనకండి, దాన్ని ఒప్పుకున్నట్టే తీసుకుంటారు. అదే రోజు ఇలా పంపండి: "అలాగే అండీ, చేద్దాం. ఇది కొటేషన్‌లో లేదు. 5 గంటల పని, 4,000 అవుతుంది, సైట్ రెండు రోజులు ఆలస్యమవుతుంది. సరే అంటే మొదలుపెడతాను." సరే అని రాతలో వచ్చేదాకా ముట్టుకోవద్దు. మంచితనంగా చిన్న పని ఊరికే చేసిపెట్టాలనిపిస్తే చేయండి, కానీ బిల్లులో దాని ధర రాసి పూర్తి తగ్గింపు చూపించండి. తరవాతి దానికి డబ్బు అడగడం అప్పుడు ఇబ్బందిగా ఉండదు.

డబ్బు వచ్చే తీరు కూడా మార్చాలి. సగం సొమ్ము "పని పూర్తయ్యాక" అంటే, పూర్తయిందో లేదో చెప్పే అధికారం వాళ్ల చేతుల్లో ఉంటుంది, ఆ సొమ్ము కోసం మీరు ప్రతిదానికీ తల ఊపుతారు. మొదలుపెట్టేముందు 30,000, హోమ్ పేజీ డిజైన్ ఓకే అనగానే 22,500, టెస్ట్ లింక్‌లో అంతా చూపించి అసలు డొమైన్ మీదికి మార్చేముందు 22,500 తీసుకోండి. ఫొటోలు 15 రోజులకి మించి ఆలస్యమైతే, అప్పటిదాకా అయిన పనికి బిల్లు వేస్తానని కూడా రాయండి.

ఏం కావాలో కస్టమర్‌కే స్పష్టంగా తెలియని సందర్భంలో మాత్రం ఇవేవీ పనిచేయవు. అప్పుడు మొత్తం ధర చెప్పకండి. ముందు 8 గంటలు కూర్చుని పేజీలు, సరుకు, పేమెంట్, డెలివరీ ఎలా ఉండాలో కాగితం మీద తేల్చడానికి 6,000 విడిగా తీసుకుని, ఆ కాగితం చూసుకుని కొటేషన్ ఇవ్వండి. ఆ 6,000 ఇవ్వనన్నవారికి ఫిక్స్‌డ్ ధరకి పని ఒప్పుకోవద్దని గట్టిగా చెబుతాను.

పని మొదలయ్యాక ఏ పనికి ఎన్ని గంటలు పట్టిందో రోజూ రాసుకోండి. 46 గంటలు, అంటే సగం, అయిపోయేసరికి డిజైన్ ఓకే అయి, కనీసం ఒక చీర కార్ట్‌లోకి వెళ్లి టెస్ట్ పేమెంట్ దాకా రాగలగాలి. అక్కడికి చేరకపోతే ఆ రోజే కస్టమర్‌కి ఫోన్ చేసి, ఏది తగ్గించాలో, దేనికి అదనంగా ఇస్తారో మాట్లాడండి.