ఫార్వర్డ్ పాయింట్లు వడ్డీ తేడా నుంచే పుడతాయి

ప్రశ్న: యూరో-డాలర్ స్పాట్ 1.1000 ఉంటే మూడు నెలల ఫార్వర్డ్ అంతకంటే ఎక్కువ చెప్తున్నారు. యూరో పెరుగుతుందని బ్యాంకు అనుకుంటోందా? ఈ పాయింట్లు ఎలా లెక్కేస్తారు?

జవాబు: బ్యాంకు తన రేటు కోసం జోస్యం చెప్పక్కర్లేదు. కంపెనీ ట్రెజరీలో ఫార్వర్డ్ కోట్లు సరిచూడడం నా పని కాబట్టి, బ్యాంకు వైపు నుంచి లెక్క చేసి చూపిస్తాను.

90 రోజుల తర్వాత మీకు 10 లక్షల యూరోలు కావాలి. డాలర్ వడ్డీ 5%, యూరో వడ్డీ 3% అనుకుందాం. ఆ రోజుకి 10 లక్షలు అవ్వాలంటే బ్యాంకు ఇవాళ 9,92,556 యూరోలు డిపాజిట్ చేస్తే చాలు. వాటిని స్పాట్‌లో కొనడానికి 10,91,811 డాలర్లు అప్పు తెస్తుంది. 90 రోజులకి ఆ అప్పు వడ్డీతో కలిపి 11,05,459 డాలర్లవుతుంది. మీ దగ్గర వసూలు చేయాల్సింది అంతే, అంటే యూరోకి 1.10546. స్పాట్ తీసేస్తే 0.00546, ఒక పాయింట్ అంటే 0.0001 కాబట్టి 54.6 పాయింట్లు.

```
F = S × (1 + r_usd × 90/360) / (1 + r_eur × 90/360)
```

ఇంతకంటే ఎక్కువ చెప్తే ఎవరైనా ఇదే పని చేసి, యూరోలు ఫార్వర్డ్‌లో అమ్మి రిస్కు లేకుండా లాభం తీసుకుంటారు. తక్కువ చెప్తే దీన్నే తిరగేస్తారు. అందుకే వడ్డీ తక్కువున్న కరెన్సీ ఫార్వర్డ్‌లో ఎప్పుడూ ఖరీదుగా కనిపిస్తుంది. ఒక జాగ్రత్త: డాలర్, యూరోలకి ఏడాదికి 360 రోజులు, పౌండుకి 365. పౌండు లెక్క చిన్న తేడాతో తప్పుతుంటే నేను ముందు చూసేది అదే.

అయితే తెర మీద కనిపించే వడ్డీలతో లెక్కేసినా కోట్ అచ్చంగా కలవదు. పైన 54.6 బదులు 58 వచ్చిందనుకోండి. పాయింట్ల నుంచి వెనక్కి లెక్కేస్తే డాలర్ వడ్డీ సుమారు 5.12% అవుతుంది. స్వాప్ ద్వారా, అంటే ఇవాళ యూరోలిచ్చి తర్వాత ఫార్వర్డ్ రేటుకి వెనక్కి మార్చుకునే ఒప్పందంతో, డాలర్లు తెచ్చుకునేవాళ్లు అదనంగా ఇస్తున్న ఆ 0.12 శాతాన్నే బేసిస్ అంటారు. 2008కి ముందు ఇది దాదాపు సున్నా. ఆ సంక్షోభంలో డాలర్లు దొరక్క బాగా పెరిగింది, 2020 మార్చిలో మళ్లీ పెరిగింది. మామూలు రోజుల్లోనూ పూర్తిగా పోలేదు, ఎందుకంటే ఆ తేడాని పట్టుకోవాలంటే బ్యాంకు తన బ్యాలెన్స్ షీట్ పెంచుకోవాలి, దానికి మూలధనం ఖర్చవుతుంది. డిసెంబర్ 31 దాటే ఫార్వర్డ్‌లలో ఇది తరచూ స్పష్టంగా కనిపిస్తుంది.

కాబట్టి కోట్ కాస్త ఎక్కువ అనిపిస్తే, అదే నిమిషంలో ఇంకో రెండు బ్యాంకుల్ని అడగండి. అందరూ 58 దగ్గరే చెప్తే అది బేసిస్. ఒక్కరే 63 చెప్తే, ఆ పై అయిదూ చాలావరకు వాళ్ల మార్జిన్. దాన్ని బేరమాడొచ్చు.