పలచబడ్డ మ్యాట్ల మీద ఫార్వర్డ్ రోల్, బ్యాలెన్స్ ఎలా నేర్పాలి?

ప్రశ్న: చంద్రగిరి దగ్గర హైస్కూల్లో పీఈటీగా చేస్తున్నాను. ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకి ఫార్వర్డ్ రోల్, ఒంటికాలి బ్యాలెన్స్ కలిపి చిన్న సీక్వెన్స్ నేర్పాలి. ఉన్నవి నాలుగు పాత మ్యాట్లు, ఆరడుగుల పొడవు. రెండు మధ్యలో బాగా అణిగిపోయాయి. కింద కడప బండలు. కొత్తవి ఈ ఏడాది రావు. వీటితో చేయించవచ్చా?

జవాబు:

చేయించవచ్చు సార్, కానీ మ్యాట్లని ఇప్పుడున్నట్టు వరసగా పరిచి మాత్రం వద్దు. ముందు ఒక్కో మ్యాట్‌ని పరీక్షించండి. మోకాలు ఆనించి మీ బరువంతా దాని మీద వేయండి. కింద బండ గట్టిగా తగిలితే ఆ చోట ఫోమ్ చచ్చిపోయినట్టే. మ్యాట్ పొడవునా జానెడు జానెడు దూరంలో ఇలా చూసుకుంటూ పోయి, బండ తగిలిన చోటల్లా చాక్‌పీసుతో గుండ్రంగా గీయండి. దాదాపు ప్రతి పాత మ్యాట్‌లోనూ ఈ గీతలు నడుమనే పడతాయి. ఏళ్ల తరబడి పిల్లల వీపులన్నీ అక్కడే పడ్డాయి కాబట్టి. రెండు కొసలు మాత్రం ఇంకా బతికే ఉంటాయి. మీకు పనికొచ్చేది అవే.

అణిగిన రెండు మ్యాట్లనీ కింద, కొసకి కొస ఆనించి పరవండి. రెండింటిలోనూ గట్టిగా మిగిలిన కొసలు ఇప్పుడు ఒకచోట కలిశాయి. ఆ అతుకు సరిగ్గా నడుమ వచ్చేలా బాగున్న మ్యాట్‌ని పైన వేయండి. నాలుగున్నర అడుగుల పిల్లాడు పై మ్యాట్ అంచు నుంచి అరడుగు లోపల పాదాలు పెట్టి గొంతుక్కూర్చుంటే, చేతులు అడుగు ముందు పడతాయి, భుజాల వెనకభాగం దాదాపు మూడో అడుగు దగ్గర ఆనుతుంది. అంటే అతుకు మీద, రెండు మ్యాట్ల మందం ఉన్న చోట. లేచి నిలబడేసరికి ఇంకా పై మ్యాట్ మీదే ఉంటాడు. పొడుగు పిల్లలు అవతలి అంచు దాటిపోతారు. అక్కడున్న మెట్టు మీద చీలమండ మెలిక పడకుండా, పై మ్యాట్‌తో సమానమయ్యేంత ఎత్తుకి గోనె సంచులు మడిచి అంచుకి ఆనించండి. ఒక్క మ్యాట్ పొడవులో ఒక్కటే రోల్. వెంట వెంటనే రెండు వేయించాలంటే చోటు చాలదు.

కింది మ్యాట్లు బండ మీద జారి విడిపోతుంటాయి. బండ మీద దుమ్ము తడిగుడ్డతో తుడిచి, ఆరాక పరిస్తే చాలావరకు ఆగుతుంది. అయినా అయిదారుగురు పిల్లలు వేశాక పైదాన్ని ఎత్తి అతుకులో వేలు పెట్టి చూడండి. వేలు దూరిందంటే మళ్లీ దగ్గరికి జరపాలి.

మెత్తగా ఉంటుందని ఇంట్లో వాడే దూది పరుపు తెచ్చి వేయాలనిపిస్తుంది. అది మ్యాట్ కన్నా ప్రమాదం. పిల్లాడు చేతుల మీద బరువు వేయగానే చేతులు లోపలికి దిగిపోతాయి, తల అనుకున్నదానికన్నా ముందే కిందికొచ్చి నడినెత్తి ఆనుతుంది. చేతుల కింద గట్టిగా, భుజాల కింద కాస్త మెత్తగా ఉండాలి. చెప్పిన అమరికలో వచ్చేది అదే.

ఇక రోల్ సంగతి. పలచటి మ్యాట్ మీద దెబ్బ తగిలేది రెండు క్షణాల్లోనే. ఒకటి, నడినెత్తి నేలకి ఆనినప్పుడు. ఒంటి బరువంతా మెడ ఎముకల మీద నిలువుగా పడుతుంది. రెండోది, గుండ్రంగా ఉండాల్సిన వీపు పలకలా తెరుచుకున్నప్పుడు. అందుకే నేను రోల్‌ని చివరి నుంచి మొదటికి నేర్పుతాను. ముందు లేవడం, తర్వాత దొర్లడం, ఆఖర్న తల వంచి దిగడం.

మొదటి రోజు ఊగడమే. కూర్చుని మోకాళ్లు చుట్టి పట్టుకుని, గడ్డం రొమ్ముకి ఆనించి, వెనక్కి భుజాల దాకా వెళ్లి ముందుకి రావాలి. తల వెనకభాగం నేలకి తగలకూడదు. బండ మీది మ్యాట్‌కి ఒక మేలుంది, శబ్దం దాచదు. వీపు గుండ్రంగా ఉంటే దాదాపు చప్పుడే రాదు. నడుము దగ్గర తెరుచుకుంటే ‘దబ్’ మంటుంది. పిల్లలనే చెవిపెట్టి వినమనండి, ఎవరిది చప్పుడు చేసిందో వాళ్లే చెప్పేస్తారు. ఊగడం కుదిరాక, అదే ఊపుతో చేతులు వాడకుండా లేవమనాలి. లేవలేనివాళ్లలో ఎక్కువమంది మడమల్ని పిర్రలకి దూరంగా పెడతారు. మడమలు దగ్గరికి లాక్కుని చేతులు ముందుకి చాస్తే లేస్తారు. కాళ్లు కత్తెరలా వేసి లేవనివ్వకండి. ఆ అలవాటు తర్వాత పోదు, మోకాలు మెలి తిరుగుతుంది కూడా.

తర్వాత వాలు. పై మ్యాట్ కిందకి, మొదలుపెట్టే వైపు, మడిచిన గోనె సంచులు పెట్టండి. అంచు దగ్గర జానెడు కన్నా తక్కువ ఎత్తు చాలు. మెట్లు మెట్లుగా తగ్గించుకుంటూ అతుకుకి ముందే అయిపోవాలి. మ్యాట్ కింద ఎక్కడా బోలు ఉండకూడదు. వాలు ఉంటే ఊపు దానంతటదే వస్తుంది, పిల్లాడు కాళ్లతో ఎగిరి తన్నడు. భయపడే పిల్లలకి ఇది చాలా అవసరం. తన్నేది వాళ్లే, తన్నినప్పుడే నెత్తి ఆనుతుంది.

వాలు మీద వరస ఇది. గొంతుక్కూర్చోవాలి. అరచేతులు భుజాల వెడల్పున, వేళ్లు ముందుకి. ముందు పిర్రలు పైకి లేవాలి, బరువు చేతుల మీదికి రావాలి. గడ్డం రొమ్ముకి ఆనించి బొడ్డు చూసుకోవాలి. మోచేతులు మెల్లగా మడుస్తూ దించితే మెడ వెనక నుంచి భుజాలు ఆనుతాయి. తల వెనక జుట్టు మ్యాట్‌ని రాసుకుపోవచ్చు, దాని మీద బరువు పడకూడదు. పక్కకి ఒరిగిపోతుంటే ఒక చెయ్యి రెండోదాని కన్నా ముందో వెనకో పెట్టాడని అర్థం. చేతుల చోటుని చాక్‌పీసుతో గీస్తే సరిపోతుంది.

నెత్తి ఆనిందో లేదో కంటితో పట్టుకోవడం కష్టం, అంతా అర సెకనులో అయిపోతుంది. చేతులు పెట్టే చోటికి ముందు, అతుకు దాకా, చాక్ పొడి పలచగా అద్దండి. రోల్ అయ్యాక పిల్లాడిని వెనక్కి తిప్పి చూడండి. చొక్కా భుజాల మీద తెలుపు ఉంటే సరే. నడినెత్తి మీద తెలుపు కనిపిస్తే ఆ పిల్లాడు ఇంకా వాలు లేని మ్యాట్ మీదికి రాకూడదు, వాలు మీదే ఉండాలి. పొడి మరీ ఎక్కువైతే చెయ్యి జారుతుంది, జాగ్రత్త. గడ్డం వదిలేసేవాళ్లకి గడ్డం కింద చేతి రుమాలు పెట్టి, లేచేదాకా పడిపోకూడదని చెప్పండి. మాటలతో పదిసార్లు చెప్పే పని అది ఒక్కసారిలో చేస్తుంది.

మీరు పక్కన ఒక మోకాలు నేలకి ఆనించి కూర్చోండి. ఒక చెయ్యి మెడ వెనక, రెండోది తొడ కింద. తొడ దగ్గర చెయ్యి పైకి ఎత్తడానికే, ముందుకి తొయ్యడానికి కాదు. తలని చేత్తో లోపలికి నొక్కకూడదు, వాడే వంచాలి. ఒక పీరియడ్‌లో ఒక్కొక్కరికీ నాలుగైదు రోల్స్ చాలు, ఆ తర్వాత తల తిరిగి గడ్డం వదిలేస్తారు. మిగిలిన పిల్లలు ఖాళీగా నిలబడకుండా నాలుగో మ్యాట్ మీద ఊగుతుంటారు.

బ్యాలెన్స్‌ని మాత్రం ఈ మ్యాట్ల మీద వద్దు. అణిగిన మ్యాట్ మీద పాదం ఒక వైపు గుంటలోకి ఒరుగుతుంది, పిల్లాడు ఎంత బాగా నిలబడ్డా చీలమండ వణుకుతుంది. తప్పు వాడిది కాదు, మ్యాట్‌ది. బండ మీదే చాక్‌పీసు గీత గీసి, ఉత్త కాళ్లతో చేయించండి. నిలబడ్డ కాలి మోకాలు వెనక్కి బిగించకుండా, పాదం మూడు చోట్ల, అంటే బొటనవేలి మొదలు, చిటికెనవేలి మొదలు, మడమ, సమానంగా నొక్కి, కంటి ఎత్తులో గోడ మీద ఒక చుక్కని చూడాలి. మొదట రెండో పాదం మోకాలికి ఆనించి నిలబడటం. అది కుదిరాక వెనక కాలు ఎత్తి, ఒళ్లు ముందుకి వంచి, చేతులు పక్కలకి చాచడం. ఇక్కడ వచ్చే తప్పు ఒకటే. వెనక కాలు ఇంకా పైకి ఎత్తాలని నడుము పక్కకి తెరిచేస్తారు. కాలు తక్కువ ఎత్తులో ఉన్నా ఫర్వాలేదు, రెండు తుంటి ఎముకలూ నేలనే చూడాలి. పోటీల్లో నిలుపు రెండు సెకన్లు. నేర్చుకునేటప్పుడు మూడు లెక్కపెట్టించండి, ఎందుకంటే పిల్లలు లెక్క తొందరగా పెడతారు.

రెండూ కలపడానికి ఇలా చేయండి. కింది మ్యాట్ అంచుకి రెండడుగుల ముందు బండ మీద కుడికాలి మీద మూడు సెకన్లు. కాలు దించి, నడిచి పై మ్యాట్ ఎక్కి, గొంతుక్కూర్చోవడం. రోల్. లేచాక పాదాలు జతపరిచి రెండు అంకెలు కదలకుండా నిలబడటం. నడిచి దిగి, అవతల గీత మీద ఎడమకాలి బ్యాలెన్స్. మధ్యలో ఆ రెండు అంకెల నిలుపు తీసెయ్యకండి. రోల్ తర్వాత చెవి లోపలి ద్రవం ఇంకా కదులుతూనే ఉంటుంది, వెంటనే ఒంటికాలి మీదికి వెళితే తూలి మ్యాట్ అంచు మీద పడతారు. రోల్ తర్వాతి బ్యాలెన్స్ ముందుదానికన్నా కష్టం కాబట్టి, మొదటి వారం చివరి భాగం లేకుండానే చేయించండి. బ్యాలెన్స్ నుంచి నేరుగా రోల్‌లోకి పడటం, డైవ్ రోల్, శీర్షాసనం నుంచి దొర్లడం, ఇవేవీ ఈ మ్యాట్ల మీద వద్దు. రెండు పొరలు వేసినా అవి ఆ ఎత్తు నుంచి పడే బరువుకి సరిపోవు.

మొదలుపెట్టే ముందు క్లిప్పులు, పిన్నులు, మెడలో గొలుసులు, తాయెత్తులు తీయించండి. అమ్మాయిల జడలు రిబ్బన్‌తో మడిచి కట్టి ఉంటే, ముడి మెడ వెనక్కి రాకుండా చెవుల పక్కకి జరపాలి. మెడ నొప్పి ఉన్నవాళ్లకి ఆ రోజు బ్యాలెన్స్ ఒక్కటే. తల తిరుగుడు, చెవిలో చీము ఉన్నవాళ్లకి ఆ రోజు రెండూ వద్దు. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో మెడ పై ఎముకల పట్టు వదులుగా ఉండే వీలుంది కాబట్టి, డాక్టరు సరేనంటేనే రోల్. ఎవరైనా రోల్ అయ్యాక మెడ నొప్పి అన్నా, చేతులు తిమ్మిరి అన్నా లేపి కూర్చోబెట్టకండి. ఎలా పడ్డారో అలాగే ఉంచి, తల కదలకుండా రెండు వైపులా పట్టుకుని 108కి ఫోన్ చేయించండి.

వేసవిలో రెక్సిన్ ఎండకి కాలుతుంది, చెమటకి జారుతుంది. వరండాలో, ఉదయం మొదటి పీరియడ్‌లో పెట్టుకోండి. చిరిగిన రెక్సిన్‌లో కాలివేళ్లు ఇరుక్కుంటాయి. తిరుపతిలో ఆటోల సీటు కవర్లు కుట్టేవాళ్లని అడిగితే చిరుగులకి అతుకు వేస్తారు. అణిగిన రెండింటిలోని ఫోమ్ తీసేసి గట్టి రీబాండెడ్ ఫోమ్ పెట్టి కుట్టమన్నా కుట్టి ఇస్తారు. కొత్త మ్యాట్ కన్నా బాగా తక్కువలో అయిపోతుంది. కుట్టించాక మళ్లీ మోకాలి పరీక్ష చేసి చూసుకోండి.