ఆ బాణం గుర్తు తీసెయ్, తమ్మీ

హనుమకొండ

తమ్మీ,

నీ వ్యాసం రెండుసార్లు చదివిన. భాష బాగుంది. కానీ మూడో పేజీలో కలం కింద పెట్టేసిన. "డెబ్బై వేల ఏళ్ల కింద మన పూర్వీకులు ఆఫ్రికా నుంచి తీరం వెంట నడిచి మన గడ్డకు చేరుకున్నారు" అని రాసి, పక్కన మ్యాపు వేసి బాణం గీశావు. ఆ బాణం ఎవరు చూశారు?

నేను కూడా గీసినవాడినే. ముప్పై ఏళ్ల కింద ఒక వారపత్రికకు ఇట్లాంటి వ్యాసమే పంపితే, సంపాదకుడు నేను రాసిన "కావచ్చు"లన్నీ కొట్టేసి, బాణాన్ని ఇంకా లావు చేసి అచ్చేశాడు. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు.

ఆ తర్వాత కర్నూలు వైపు జ్వాలాపురం వెళ్లిన. అక్కడ జుర్రేరు లోయలో జనం తెల్లటి బూడిద తవ్వుతున్నారు, గిన్నెలు తోమే పొడికి. చేత్తో పట్టుకుంటే ముగ్గుపిండి లాగా మెత్తగా ఉంది. అది ఇక్కడి బూడిద కాదు. రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా దూరాన, సుమత్రాలో తోబా అగ్నిపర్వతం 74,000 ఏళ్ల కింద పేలితే వచ్చి పడింది. అందులోని గాజు రేణువుల రసాయన కూర్పు తోబాతో సరిపోయింది కాబట్టే ఆ మాట అనగలుగుతున్నాం.

పురావస్తు శాస్త్రవేత్తలు మైకేల్ పెట్రాగ్లియా, రవి కోరిశెట్టర్ బృందం ఆ బూడిద పొర కిందా పైనా తవ్వి, 2007లో ఫలితాలు ప్రకటించింది. రెండు చోట్లా రాతి పనిముట్లు దొరికాయి, తయారీ పద్ధతి కూడా దాదాపు ఒకటే. అంటే పేలుడు తర్వాత కూడా అక్కడ అదే తీరులో రాయి చెక్కారు. ఇక్కడి దాకా గట్టిగా చెప్పొచ్చు.

చెక్కింది ఎవరు? అక్కడే చిక్కు. ఆ పొరల్లో మనిషి ఎముక ఒక్కటీ దొరకలేదు. పనిముట్లు ఆఫ్రికావాటిని పోలి ఉన్నాయి కాబట్టి మనలాంటి మనుషులేనని ఆ బృందం వాదించింది. ఆ పోలిక చాలదని, మనవాళ్లు ఇంకా తర్వాతే వచ్చారని పాల్ మెల్లర్స్ లాంటి పురావస్తు శాస్త్రవేత్తలు కాదన్నారు. జన్యువుల లెక్క కూడా అటే మొగ్గుతుంది: ఆఫ్రికా బయటి మనందరి వంశంలో ఎక్కువ భాగం సుమారు 50-60 వేల ఏళ్ల కింద బయటికి వచ్చినవాళ్లదే. అంతకు ముందే ఎవరైనా వచ్చి ఉంటే, వాళ్ల వారసత్వం మనలో దాదాపు మిగల్లేదన్నమాట.

ఇక నీ తీరం దారి. అప్పుడు సముద్రం ఇప్పటికన్నా పదుల మీటర్లు కిందికి ఉండేది. ఆనాటి ఒడ్డు ఇప్పుడు నీళ్ల కింద ఉంది. వాళ్లు ఒడ్డున నడిచి ఉంటే ఆ గుర్తులు కూడా చాలావరకు అక్కడే మునిగిపోయి ఉంటాయి. నువ్వేమో ఆ దారి చూసొచ్చినట్టు రాశావు.

మూడో పేజీ చింపేసి, ఆ గుంత దగ్గర మొదలుపెట్టు. ముందు బూడిద, తర్వాత కింది రాయి, పై రాయి, చివరికి దొరకని ఎముక. ఆ వరుసలోనే రాయ్. ఏ పత్రికకు పంపాలన్నది తర్వాత మాట్లాడదాం.

ఆ గుంతలో పనిచేసే ఒకాయన నాకిచ్చిన బూడిద పొట్లం ఇంకా ఇంట్లోనే ఉంది. ఆదివారం రా, చూపిస్తా.