డాక్టర్ సలహా: బొటాక్స్ కంటే ముందు ఆ క్రీమ్ సంగతి చూడండి

ప్రశ్న: నా వయసు 37. నవ్వితే కళ్ల పక్కన గీతలు పడుతున్నాయి. మా ఆఫీసులో అందరూ పాతికేళ్ల వాళ్లే, పక్కన నిలబడాలంటేనే మనసొప్పడం లేదు. ఒక క్లినిక్‌లో బొటాక్స్, కెమికల్ పీల్ కలిపి ప్యాకేజీ చెప్పారు. ఇప్పుడే మొదలుపెడితే ముసలితనం ఆలస్యమవుతుందట, నిజమేనా? మంగు మచ్చలకు రెండేళ్లుగా మెడికల్ షాపులో ఇచ్చిన క్రీమ్ రాస్తున్నాను. నాలుగు రోజులు మానేస్తే ముఖం ఎర్రబడి మండుతోంది. ఇది కూడా వయసు వల్లేనా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఆ మంట వయసు వల్ల వచ్చేది కాదమ్మా. ముందు క్రీమ్ ట్యూబు తీసి వెనకున్న సన్న అక్షరాలు చదవండి. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, వాటితోపాటు మొమెటసోన్ లేదా ఫ్లూసినోలోన్ అని ఉంటే మూడోది స్టెరాయిడ్. క్లోబెటసాల్, బీటామెథసోన్ అని ఉన్నా స్టెరాయిడే. మంగుకు ఇలాంటి మూడు మందుల క్రీమ్ మేమూ రాస్తాం. కాకపోతే కొన్ని వారాలకే, మధ్యలో చూసుకుంటూ. రెండేళ్లు ఎవరూ రాయరు. స్టెరాయిడ్ పూతమందుల్ని చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్రం నిబంధన తెచ్చింది. చీటీ అడిగే షాపు ఎక్కడుందో మీరే చెప్పాలి.

స్టెరాయిడ్ చర్మంలోని రక్తనాళాల్ని బిగబడుతుంది. అందుకే మొదటి రెండు మూడు వారాలు ముఖం తెల్లగా, నున్నగా కనబడుతుంది, క్రీమ్ మీద నమ్మకం కుదురుతుంది. లోపల మాత్రం కొల్లాజెన్ తయారీ తగ్గి చర్మం పల్చబడుతూ ఉంటుంది. మానగానే బిగిసిన నాళాలు ఒక్కసారిగా విచ్చుకుని ఎరుపు, మంట, ఒక్కోసారి మొటిమలు వస్తాయి. భయపడి మళ్లీ రాస్తారు, తగ్గుతుంది. ఈ చక్రంలోనే రెండేళ్లు గడిచిపోతాయి.

పొద్దున మేకప్ లేకుండా కిటికీ దగ్గర నిలబడి అద్దంలో చూసుకోండి. ముక్కు పక్కన, బుగ్గల మీద సన్నటి ఎర్ర దారాల్లాంటి నాళాలున్నాయా? బుగ్గల మీద నూగు పెరిగిందా? ఎండలోకి వెళ్లిన కాసేపటికే చురచురలాడుతుందా? ఇప్పుడు ఒకసారి నవ్వి, ముఖం వదులు చేయండి. నవ్వినప్పుడు పడి తర్వాత మాయమయ్యే గీతలు కండరాల వల్ల వచ్చేవి, వీటికి బొటాక్స్ పనిచేస్తుంది. ముఖం కదలకుండా ఉన్నా నలిగిన పల్చటి కాగితంలా కనబడే గీతలైతే అది చర్మం సంగతి, దానికి బొటాక్స్‌తో ఒరిగేదేమీ లేదు. మీరు వయసు అనుకుంటున్నదాంట్లో కొంత ఈ క్రీమ్ తెచ్చిపెట్టిందే అయ్యుండొచ్చు.

ముఖం చూడకుండా తేల్చి చెప్పలేను. రోజేషియా, లూపస్ అనే జబ్బుల్లో కూడా ముఖం ఇలా ఎర్రబడుతుంది. అందుకే ట్యూబుతో సహా వెళ్లి చర్మవైద్యుల్ని కలవండి. ఇది చదివి ఈ రాత్రికే క్రీమ్ ఆపేయకండి, అలాగని ఆరు నెలలు కొనసాగించకండి. సాధారణంగా రోజు విడిచి రోజుకు, ఆ తర్వాత వారానికి రెండుసార్లకు తగ్గిస్తారు, లేదా తక్కువ శక్తి మందుకు మారుస్తారు. కొందరికి టాక్రోలిమస్ పూత ఇస్తారు. మధ్యలో ఎరుపు ఒకటి రెండుసార్లు తిరగబెడుతుంది, అప్పుడు పాత ట్యూబు వెతుక్కోవద్దు. పూర్తిగా కుదుటపడటానికి నెలలు పట్టొచ్చు. అప్పటిదాకా సబ్బు లేని క్లెన్సర్, సాదా మాయిశ్చరైజర్, ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ చాలు. సన్‌స్క్రీన్ చూపుడు, మధ్య వేళ్ల పొడవునా గీసినంత తీసుకోవాలి. మంగుకు రంగు కలిసిన రకం మేలు. నిమ్మరసం, శనగపిండి రుద్దడం, బ్లీచ్ వద్దు.

ఆ ప్యాకేజీలోని పీల్ ఇప్పుడు అసలు వద్దు. పీల్ అంటే ఆమ్లం పూసి చర్మం పైపొరను ఊడదీయడం. పల్చబడ్డ చర్మంలోకి ఆ ఆమ్లం అనుకున్న దానికంటే లోతుకు దిగుతుంది. కాలితే మంగు కంటే నల్లటి మచ్చలు మిగులుతాయి. ప్యాకేజీ రాసినవాళ్లు మీరు ఏ క్రీమ్ వాడుతున్నారో అడిగారా? అడగకపోతే అక్కడికి వెళ్లకండి.

బొటాక్స్‌కు ఈ వయసులో మొదలుపెట్టాలని నియమమేమీ లేదు. కళ్ల పక్కన గీతలకు మామూలుగా ఒక్కో వైపు 12 యూనిట్లు వేస్తారు. రెండు వారాల్లో పూర్తి ఫలితం కనబడి, మూడు నాలుగు నెలల్లో పోతుంది. మానేస్తే గీతలు మునుపటిలాగే వస్తాయి, ఎక్కువ కావు. వయసు మాత్రం ఆగదు. చర్మం కుదుటపడ్డాక కూడా కావాలనిపిస్తే చేయించుకోండి, తప్పులేదు. చర్మవైద్యులో ప్లాస్టిక్ సర్జనో చేయాలి, పార్లర్‌లో కాదు. సీసా మీద పేరు, గడువు తేదీ చూడండి, ఎన్ని యూనిట్లు వేశారో రాయించుకోండి. కండరాల బలహీనత జబ్బేదైనా ఉంటే ముందే చెప్పాలి.

మీరు రాయలేదు కాబట్టి అడుగుతున్నాను. గర్భం కోసం ప్రయత్నిస్తున్నారా? అయితే ట్రెటినాయిన్ ఉన్న క్రీమ్, బొటాక్స్ రెండూ వద్దు, ఆ మాట డాక్టరుకు మొదటే చెప్పండి. గీతలు పోతాయని ఆ క్రీమ్ కళ్ల చుట్టూ కూడా రాస్తుంటే కంటి డాక్టరు దగ్గర ప్రెజర్ చూపించుకోండి. స్టెరాయిడ్ వల్ల కంటిలో ఒత్తిడి పెరిగినా చాలాకాలం నొప్పి తెలియదు.